వాన పడితే ఆర్‌సీసీబీ పడిపోతోంది: సెన్సార్ లైటు జంక్షన్ బాక్సులోకి నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

ప్రశ్న: ఇల్లు కాకినాడలో, ఒక అంతస్తు డాబా. పెరటి తలుపు పైన మోషన్ సెన్సార్ లైటు పెట్టించాము. లైటు మీద దుమ్మునూ నీటినీ తట్టుకుంటుందని చెప్పే ఐపీ 65 రేటింగు రాసి ఉంది. వాన పడిన రోజు బోరు మోటారు వేయగానే, కరెంటు లీకైతే సరఫరా తెంచే ఇంటి ఆర్‌సీసీబీ పడిపోతోంది. లైటు స్విచ్ ఆపి ఉంచినా అంతే. ఎలక్ట్రీషియన్ వచ్చి జంక్షన్ బాక్సు చుట్టూ సిలికాన్ పూసి వెళ్లారు. మార్పేమీ లేదు. అంతా తీసేసి మళ్లీ సరిగా పెట్టాలంటే ఏం చేయించాలి?

సమాధానం:

స్విచ్ ఆపి ఉన్నా పడుతోందన్న మాటలోనే సగం జవాబు ఉంది. గోడ మీది మామూలు స్విచ్ ఫేజ్ వైరును మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్ వైరు స్విచ్‌తో పని లేకుండా లైటు దాకా ఎప్పుడూ కలిసే ఉంటుంది. బాక్సులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య తడి చేరితే, మీరు స్విచ్ వేసినా ఆపినా ఆ తడిలోంచి కరెంటు కారే దారి తెరిచే ఉంటుంది.

మోటారు వేసినప్పుడే ఎందుకు పడుతోందంటే, మామూలు వేళ న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి తేడా చాలా తక్కువ. దారి ఉన్నా దానిలో నడిపించే ఒత్తిడి ఉండదు. మోటారు మొదలయ్యే క్షణంలో అది నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా న్యూట్రల్ మీదుగానే వెనక్కి పోవాలి కాబట్టి న్యూట్రల్ కొన్ని వోల్టులు పైకి లేస్తుంది. ఉదాహరణకు 6 వోల్టులు లేచిందనుకుందాం. బాక్సులోని ఉప్పు తడి అడ్డు 200 ఓములనుకుంటే, ఎర్త్‌లోకి కారేది 30 మిల్లీ ఆంపియర్లు. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ సరిగ్గా 30 మిల్లీ ఆంపియర్లది. అది తన పని తాను చేసింది. దాన్ని తీసేయమనో, 100 మిల్లీ ఆంపియర్లది పెట్టుకోమనో ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. మనిషి ప్రాణాన్ని కాపాడేది ఆ 30 అంకే.

అయితే మోటారుకే, లేదా దాని కేబుల్‌కే లీకు ఉంటే కూడా ఇదే లక్షణం కనిపిస్తుంది. గోడ పగలగొట్టే ముందు అది తేల్చుకోవాలి. మెయిన్ ఆపి, ఎంసీబీలన్నీ ఉండే పెట్టె అయిన డీబీలో ఈ లైటు సర్క్యూట్ ఫేజ్ వైరును ఎంసీబీ నుంచి, న్యూట్రల్ వైరును న్యూట్రల్ బార్ నుంచి విప్పించి, రెండు కొసలకూ విడివిడిగా కనెక్టరు తొడిగించండి. ఎంసీబీ ఒక్కటే ఆపితే చాలదు. మన తగాదా న్యూట్రల్‌తో కదా. తర్వాత వాన పడిన రోజు మోటారు వేయండి. ఆర్‌సీసీబీ నిలబడితే తప్పు లైటు వైపే. అప్పుడూ పడిపోతే మోటారును చూపించుకోండి, కింద రాసినదంతా మీకు అవసరం లేదు.

ఇక లైటు వైపే అనుకుని ముందుకు వెళ్తాను.

సిలికాన్ పూసినా ఎందుకు మారలేదు

బాక్సు మీద వాన కొడుతోంది, నీరు మూత సందులోంచి పోతోంది అని అందరూ అనుకుంటారు. సజ్జ కింద ఉన్న బాక్సుకు అలా నీరు పోవడం తక్కువ. నేను విప్పించిన తడి బాక్సుల్లో ఎక్కువ వాటికి నీరు వెనక నుంచి, గోడలో ఉన్న పైపులోంచి వచ్చింది. ముందు మూత రబ్బరు పొడిగా, శుభ్రంగా ఉంటుంది. లోపల పైపు మూతి కింద మాత్రం సున్నం కలిసిన తెల్లటి చార, అడుగున ఎండిపోయిన మట్టి గీత, న్యూట్రల్ జాయింటు మీద పచ్చటి చిలుము. మీ బాక్సు తెరిపించి ఈ చార ఎక్కడ మొదలవుతోందో ముందు చూడండి. నీరు వచ్చిన దారి దాని మీదే గీసి ఉంటుంది.

ఆ పైపులోకి నీరు ఎలా వస్తుంది? మీది ఒక అంతస్తు డాబా అన్నారు. పై అంతస్తు వేసుకుంటే పనికొస్తాయని స్లాబు పోసేటప్పుడే కరెంటు పైపులను డాబా మీదకు మూరెడు ఎత్తున తేల్చి వదిలేయడం మన దగ్గర మామూలు. వాటి మూతికి మేస్త్రి అప్పట్లో ఓ కాగితమో గుడ్డో కుక్కి ఉంటారు. అది ఎండకు పోతుంది. పైపు మూతి ఆకాశంలోకి తెరుచుకుని ఉంటుంది. పడిన వాన స్లాబులోని పైపుల వెంట దిగి, అన్నింటికంటే పల్లంలో ఉన్న బాక్సులో తేలుతుంది. వాటర్ ట్యాంకు దగ్గరి లైటుకో, డిష్ వైరుకో వేసిన పైపుదీ ఇదే కథ. కాబట్టి పెరట్లోకి వెళ్లే ముందు డాబా ఎక్కండి. పైకి కనిపించే ప్రతి పైపుకూ మూత బిగించి సొల్యూషన్‌తో అతికించండి. వైర్లు బయటికి వస్తున్న పైపు అయితే మూతి కిందికి తిరిగేలా రెండు బెండ్లు వేయించండి. ఖర్చు చాలా తక్కువ. మిగతా పనంతా ఎంత బాగా చేసినా ఇది చేయకపోతే నీరు మళ్లీ వస్తుంది.

ఇప్పుడు సిలికాన్ సంగతి. పైపులోంచి వచ్చే నీటికి ఇదివరకు బాక్సు అడుగు సందులోంచి కొంతైనా బయటికి పోయే దారి ఉండేది. చుట్టూ సిలికాన్ పూయగానే అదీ మూసుకుపోయింది. ఇప్పుడు బాక్సు నీటిని నిల్వ చేస్తోంది. పైగా హార్డ్‌వేర్ దుకాణాల్లో చవగ్గా దొరికే సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది; దగ్గర్లో ఉన్న రాగి తీగను అది తినేస్తుంది. కరెంటు పనికి న్యూట్రల్ క్యూర్ అని ట్యూబు మీద రాసి ఉన్న సిలికాన్ అడిగి తెచ్చుకోవాలి.

బాక్సు గాలి పీల్చుకుంటుంది

వాన ఒక్క చుక్క కూడా తగలని బాక్సులో సైతం తడి ఎలా చేరుతుందో తెలిస్తే, తర్వాత చెప్పేవన్నీ ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. 10 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు ఉన్న బాక్సులో అర లీటరు గాలి ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు లోపల 50 డిగ్రీలయ్యిందనుకుందాం. సాయంత్రం గాలివాన వచ్చి కాసేపట్లో అది 27 డిగ్రీలకు దిగింది. బాక్సు పూర్తిగా బిగిసి ఉంటే లోపలి గాలి ఒత్తిడి సుమారు 7 శాతం పడిపోతుంది. 70 సెంటీమీటర్ల ఎత్తున నిలిచిన నీరు కలిగించే ఒత్తిడి ఎంతో, ఈ లాగుడు ఇంచుమించు అంత. కేబుల్ లోపలికి వెళ్లే రంధ్రానికి బిగించే గ్లాండ్ దగ్గరో మూత దగ్గరో వెంట్రుక వాసి సందు ఉన్నా, దాని మీద నిలిచిన వాన చుక్కను బాక్సు లోపలికి లాక్కుంటుంది. మళ్లీ ఎండ కాసినప్పుడు గాలి బయటికి పోతుంది కానీ నీరు పోదు. ఇలా రోజూ ఓ చుక్క చేరుతుంది.

అందుకే రెండు నియమాలు. మొదటిది, వైర్లు వెళ్లే రంధ్రాలన్నీ బాక్సు కింది వైపునే ఉండాలి. పైన గానీ పక్కన గానీ వద్దు. కింది ముఖం మీద నీరు నిలవదు కాబట్టి లాక్కోవడానికి అక్కడ చుక్క ఉండదు. రెండోది, బాక్సు గాలి పీల్చుకోవడానికి మనమే ఒక మంచి దారి ఇవ్వాలి. గాలిని పోనిచ్చి నీటిని ఆపే పొర ఉన్న చిన్న ప్లగ్గు దొరుకుతుంది, బ్రీదర్ ప్లగ్గు అంటారు. దాన్ని కింది ముఖం మీద బిగిస్తే చాలు. అది దొరకకపోతే, సజ్జ కింద ఉన్న బాక్సుకు అడుగున అతి పల్లపు చోట 5 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పెట్టడం మేలని నా అభిప్రాయం. అలా చేస్తే కాగితం మీద ఐపీ 65 పోతుంది, ఒప్పుకుంటాను. పైపుతో నీళ్లు కొట్టి గోడ కడిగే చోట పనికిరాదు. చీమలు దూరకుండా స్టీలు జల్లెడ ముక్క అడ్డం పెట్టాలి. సజ్జ నీడన మాత్రం, పూర్తిగా మూసి లోపల తడి దాచుకునే బాక్సు కంటే అడుగున ఊపిరి ఉన్న బాక్సే ఎక్కువ కాలం పొడిగా ఉంటుంది.

బాక్సు, కేబుల్, గ్లాండ్

లైటు మీద ఐపీ 65 అని ఉండటం లైటు గురించి మాత్రమే చెబుతుంది. బాక్సుకు దాని రేటింగు దానికి కావాలి. ఆ రేటింగు కూడా అన్ని రంధ్రాలూ సరైన గ్లాండ్‌తోనో ప్లగ్గుతోనో మూసి ఉన్నప్పుడే నిజం. రంధ్రం కోసం విరిచి తీసే నాకౌట్ బిళ్ల ఒక్కటి విరగ్గొట్టి మూడు విడి వైర్లు దూర్చి వదిలేస్తే, అది వానకు తట్టుకునే బాక్సు కాదు, మామూలు డబ్బా.

ఎండకు పెళుసుబారని పాలీకార్బనేట్ బాక్సు, 100 మిల్లీమీటర్ల చదరానిది తీసుకోండి. రబ్బరు గాస్కెట్ ఉండాలి. గోడకు బిగించే స్క్రూ రంధ్రాలు గాస్కెట్ బయట, మూలల్లో ఉన్న మోడల్ చూసుకోండి. లోపలి అడుగులోంచి స్క్రూ కొట్టే బాక్సు అయితే ప్రతి స్క్రూ తల కింద రబ్బరు వాషరు వేయాలి; చాలామంది వేయరు, నీరు అక్కడి నుంచి వస్తుంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే వాడించండి. జింకు పూత స్క్రూలు తుప్పు పట్టి తలలు ఊడిపోతాయి, అప్పుడు మూత తీయాలంటే బాక్సు పగలాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం, గ్లాండ్. దాని పని ఒక్కటే: నట్టు బిగించినప్పుడు లోపలి రబ్బరు రింగు నొక్కుకుని కేబుల్ చుట్టూ పట్టేయడం. పట్టుకునేది గుండ్రంగా ఉంటేనే ఆ రింగు అన్ని వైపులా ఒకేలా కరుస్తుంది. మన ఇళ్లలో పైపుల్లో లాగే ఎరుపు, నలుపు, ఆకుపచ్చ విడి వైర్లు మూడూ ఒక గ్లాండ్‌లో దూరిస్తే వాటి మధ్య మూడు మూలల సందు మిగిలిపోతుంది. ఎంత బిగించినా అది మూసుకోదు. చదునైన సబ్‌మెర్సిబుల్ కేబుల్‌దీ అదే ఇబ్బంది. గ్లాండ్‌లోకి వెళ్లేది పై తొడుగు ఉన్న గుండ్రటి మూడు కోర్ల కేబులే కావాలి, 1.5 చదరపు మిల్లీమీటర్లది సరిపోతుంది.

ఆ కేబుల్ బయటి మందం కంపెనీని బట్టి మారుతుంది, సుమారు 9 మిల్లీమీటర్లు ఉండవచ్చు. అంచనా వద్దు, వెర్నియర్‌తో కొలవండి. ఎం 20 అనే గ్లాండ్ సాధారణంగా 6 నుంచి 12 మిల్లీమీటర్ల కేబుల్‌ను పట్టుకుంటుంది. 9 దానికి నడిమధ్య కాబట్టి రబ్బరు హాయిగా కరుస్తుంది. దానికి బాక్సులో 20 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. స్టెప్ డ్రిల్ బిట్‌తో పెడితే అంచు నున్నగా వస్తుంది. స్క్రూడ్రైవర్ వేడి చేసి కరిగించి పెట్టిన రంధ్రం గుండ్రంగా ఉండదు, దాని మీద గ్లాండ్ వాషరు కూర్చోదు. వాషరు బాక్సు బయటి వైపు, లాక్ నట్టు లోపలి వైపు రావాలి.

లైటుతో వచ్చే చిన్న వైరు ఇంకా సన్నగా, 6 లేదా 7 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి ఎం 16 గ్లాండ్ విడిగా పెట్టండి. రెండు వైర్లను ఒకే గ్లాండ్‌లో దూర్చకూడదు. వైరు సన్నగా ఉందని ఇన్సులేషన్ టేపు చుట్టి లావు చేయడం కూడా వద్దు. ఎండకు టేపు జిగురు జారిపోయి, ఆ పొరల మధ్య నుంచే నీరు పాకుతుంది.

బిగించేటప్పుడు కేబుల్ పై తొడుగు గ్లాండ్ దాటి బాక్సు లోపలికి కనీసం ఒక సెంటీమీటరు రావాలి. తొడుగు గ్లాండ్ లోపలే ఆగిపోతే రబ్బరు మళ్లీ విడి వైర్లనే పట్టుకున్నట్టు. నట్టును చేత్తో తిరిగినంత తిప్పి, తర్వాత స్పానర్‌తో మరో అర చుట్టు. నట్టు మూతి దగ్గర రబ్బరు కేబుల్ చుట్టూ కొద్దిగా ఉబ్బి కనిపిస్తే పట్టు కుదిరినట్టు. కేబుల్ లాగి చూడండి, కదలకూడదు. అంతకు మించి బిగిస్తే ప్లాస్టిక్ మర పోతుంది.

గోడ దగ్గర

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మెయిన్ ఆపితే ఇన్వర్టర్ వెంటనే అందుకుంటుంది. పెరటి లైటు చాలాసార్లు ఇన్వర్టర్ లైను మీదే ఉంటుంది. మెయిన్ ఆపాం కదా అని వైరు పట్టుకుంటే ప్రమాదం. ఇన్వర్టర్ స్విచ్, దాని అవుట్‌పుట్ రెండూ ఆపి, ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌తో కొలవాలి. నియాన్ టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని అర్థం కాదు. డీబీ, వైరింగు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మీరు పక్కనే ఉండి ఇక్కడ రాసినవి అడుగుతూ ఉండండి.

ఇప్పుడు మీ బాక్సు గోడలోని పైపు మూతి మీదే కూర్చుని ఉంటుంది. ఆ అమరికనే మార్చమంటాను. ఇంట్లో దగ్గరగా ఉన్న బాక్సు నుంచి ఈ మూతి దాకా ఉన్న మూడు విడి వైర్లనూ లాగేసి, వాటి చోట గుండ్రటి మూడు కోర్ల కేబుల్ ఒక్కటే లాగించండి. 25 మిల్లీమీటర్ల పైపులో ఒకటి రెండు బెండ్లు ఉన్నా 9 మిల్లీమీటర్ల కేబుల్ వెళ్తుంది. పాత వైర్ల కొసకే కట్టి లాగితే పని తేలిక. కొత్త బాక్సును పైపు మూతికి ఓ జానెడు పక్కన, మూతి కంటే కొంచెం ఎత్తులో బిగించండి. కేబుల్ మూతిలోంచి బయటికి వచ్చి, గోడ వెంట కిందికి దిగి, అక్కడ వంపు తిరిగి పైకి లేచి, బాక్సు కింది ముఖంలోని గ్లాండ్‌లోకి వెళ్తుంది. కేబుల్ మీద జారే నీరు ఆ వంపు అడుగుకు చేరి నేల మీద పడిపోతుంది, బాక్సు దాకా ఎక్కదు. వంపు బాక్సు కంటే కనీసం 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి.

పైపు మూతిలో కేబుల్ చుట్టూ ఎలక్ట్రికల్ పుట్టీ గానీ, న్యూట్రల్ క్యూర్ సిలికాన్ గానీ నింపండి. పై భాగం, పక్కలు పూర్తిగా మూసి, అడుగున మాత్రం అగ్గిపుల్ల పట్టేంత సందు వదిలేయండి. బయటి వాన లోపలికి పోదు; ఎప్పుడైనా స్లాబు లోంచి పైపులోకి నీరు దిగితే గోడ మీదికి కారిపోతుంది. గోడ మీద తడి చార కనిపిస్తే డాబా మీద ఏదో పైపు మళ్లీ తెరుచుకుందని మీకు వెంటనే తెలుస్తుంది కూడా.

పైపు దారే లేకపోయినా, పాడైపోయినా, లోపలి గోడ నుంచి కొత్త రంధ్రం పెట్టించాలి. డ్రిల్ మిషన్‌ను బయటి వైపు పల్లం వచ్చేలా వాల్చి పట్టాలి. 9 అంగుళాల గోడకు బయటి మూతి లోపలి మూతి కంటే ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు కిందికి ఉంటే చాలు. సమంగా పెట్టిన రంధ్రంలో నీరు ఎటు కావాలంటే అటు పోతుంది.

బాక్సు వెనక గోడ గరుకుగా ఉంటుంది, ప్లాస్టరు ఎగుడుదిగుడుల్లో నీరు దిగుతుంది. బాక్సు అంచుకు పై వైపు, ఎడమ, కుడి సిలికాన్ పూయించండి. కింది అంచు వదిలేయండి. లైటు బేసుకూ ఇంతే. నాలుగు వైపులా పూస్తే వెనక చేరిన తడికి దారి ఉండదు, మీ పాత బాక్సుకు జరిగిందదే.

కలపడం, తర్వాత పరీక్షించడం

మీ లైటులోనే సెన్సార్ ఉంటే మూడు కలపాలి: ఫేజ్, న్యూట్రల్, ఎర్త్. సెన్సార్ విడిగా ఉండే రకమైతే దానికి ఫేజ్, న్యూట్రల్ ఎప్పుడూ అందుతూ ఉండాలి; మూడో వైరు లైటుకు ఫేజ్ పంపుతుంది. చాలా సెన్సార్లలో గోధుమ రంగుది వచ్చే ఫేజ్, నీలం న్యూట్రల్, ఎరుపు లైటుకు వెళ్లేది. ఇంటి వైరింగులో ఎరుపు అంటే వచ్చే ఫేజ్ కాబట్టి ఇక్కడే తారుమారు చేస్తుంటారు. పెట్టెలోని బొమ్మ చూసి కలపమనండి. లైటు శరీరం లోహంతో చేసినదైతే ఎర్త్ తప్పనిసరి.

వైర్లు మెలేసి టేపు చుట్టడం బయటి బాక్సులో వద్దే వద్దు. మీట నొక్కి వైరు పెట్టే కనెక్టర్లు వాడించండి. వైరు కొస మీద ఎంత తొడుగు తీయాలో కనెక్టరు మీదే గీసి ఉంటుంది, అంతే తీయాలి. స్క్రూ టెర్మినల్ అయితే సన్న తీగల కొసకు ఫెరూల్ అనే చిన్న లోహపు గొట్టం తొడగాలి. కనెక్టర్లను బాక్సు అడుగున పడేయకుండా పై సగంలో ఉండేలా సర్దండి. లైటు వైరు కొస తడిలో మునిగితే నీరు తొడుగు లోపల, రాగి పోగుల మధ్య నుంచే పాకుతూ లైటు దాకా పోతుంది. దీపం ఆరి చల్లబడినప్పుడల్లా దాన్ని ఇంకా లాగుతుంది. లైటు అద్దం లోపల ఆవిరి పట్టిందంటే, తప్పు లైటుదని మార్చే ముందు బాక్సు చూడాలి.

మూత వేసే ముందు కాగితంతో పరీక్ష చేయండి. సన్నటి కాగితపు పట్టీ ఒకటి గాస్కెట్ మీద అడ్డంగా పెట్టి, మూత స్క్రూలను ఎదురెదురు మూలల వరుసలో కొంచెం కొంచెంగా బిగించి, కాగితం లాగండి. బిగుతుగా ఉండి చిరిగితే సరే. జారి వచ్చేస్తే అక్కడ సందు ఉంది. నాలుగు పక్కలా చూడాలి. ఎక్కువసార్లు దోషి కింది పక్కన ఇరుక్కున్న వైరు, లేదా గాడిలోంచి లేచిన గాస్కెట్.

కరెంటు ఇవ్వక ముందే, వైర్ల ఇన్సులేషన్‌ను ఎక్కువ వోల్టేజితో పరీక్షించే మెగ్గర్ పెట్టించండి. లైటును, సెన్సార్‌ను కనెక్టర్ల దగ్గర విప్పాలి. 500 వోల్టులు వాటిలోని ఎలక్ట్రానిక్సును పాడుచేస్తాయి. కేబుల్‌కు అటు డీబీ దగ్గర కూడా విప్పి, ఫేజ్, న్యూట్రల్ కలిపి ఒక కొస, ఎర్త్ ఒక కొసగా 500 వోల్టుల దగ్గర కొలవాలి. 1 మెగా ఓమ్ కనీసం. కానీ పొడి కొత్త కేబుల్‌కు పదుల మెగా ఓములైనా రావాలి. 2, 3 వస్తే నాకు నచ్చదు, ఎక్కడో తడి ఉంది.

అంకె రాసుకున్నాక బాక్సులో పొడి టిష్యూ కాగితం పరిచి మూత బిగించి, కరెంటు లేకుండానే పై నుంచి పది నిమిషాలు మొక్కలకు పోసే పైపుతో వాన పడేలా నీళ్లు పోయండి. బాక్సు మీద, కేబుల్ మీద, గోడ మీద కూడా. వెంటనే మళ్లీ మెగ్గర్ కొలిచి, తర్వాత మూత తుడిచి తెరవండి. అంకె మారకూడదు, కాగితం తడవకూడదు. తడిస్తే ఆ మచ్చ ఏ గ్లాండ్ వైపు ఉందో చూస్తే చాలు, వెతుక్కోనక్కర్లేదు. అడుగున రంధ్రం పెట్టిన బాక్సుకు నీళ్లు పై నుంచే పోయాలి, కింది నుంచి ఎదురు కొట్టకూడదు. చివరగా కాగితం తీసేసి, లైటు కలిపి, కరెంటు ఇచ్చి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి అది పడుతోందో లేదో చూడండి.

సెన్సార్ ఎటు చూడాలి

పీఐఆర్ సెన్సార్ మనిషి ఒంటి వేడికీ వెనకున్న గోడ, నేల వేడికీ ఉన్న తేడా కదలడాన్ని పట్టుకుంటుంది. తన ముందు అడ్డంగా నడిచేవారిని బాగా పట్టుకుంటుంది, తిన్నగా తన మీదికి వచ్చేవారిని ఆలస్యంగా. కాబట్టి పెరటి గేటు నుంచి వచ్చేవారు దాని చూపుకు అడ్డంగా దాటేలా కొంచెం పక్కకు తిప్పండి. ఎత్తు 2 నుంచి 2.5 మీటర్లు. మీ దగ్గర మే నెల రాత్రి కూడా పెరటి నేల ఒంటి వేడికి దగ్గరగా ఉండిపోతుంది. అప్పుడు తేడా తగ్గి సెన్సార్ దూరం సగానికి పడిపోయినట్టు అనిపిస్తుంది, పాడైందని మార్చకండి. ఏసీ బయటి యూనిట్ గాలి, వంటింటి ఎగ్జాస్ట్, దండెం మీద ఊగే చీరలు దాని చూపులో లేకుండా చూసుకోండి. రాత్రంతా వెలిగి ఆరే లైట్లకు కారణం తరచూ దండెమే.

సెట్టింగుకు, ఎంత వెలుతురు ఉన్నప్పుడు వెలగాలో నిర్ణయించే లక్స్ మరను సూర్యుడి బొమ్మ వైపు, టైమ్ మరను కనిష్ఠానికి తిప్పి పగలే నడిచి చూసుకోండి. తర్వాత లక్స్‌ను చంద్రుడి బొమ్మ వైపు తెచ్చి, టైమ్ రెండు మూడు నిమిషాలకు పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడు అర నిమిషమో నిమిషమో దానంతట అది వెలగడం మామూలే. ఈ మరలను తిప్పాక వాటి మీది రబ్బరు మూత తిరిగి వేయడం మరవద్దు, నీరు దూరే చోట్లలో అదీ ఒకటి.

ఇదంతా చేశాక కూడా లైటు విప్పి ఉన్నప్పుడే మెగ్గర్ అంకె తక్కువ వస్తోందంటే తప్పు బాక్సులో లేదు, గోడ లోపలి పైపులో ఉంది. లాగేటప్పుడు కేబుల్ తొడుగు పైపు అంచుకు చిరిగి ఉంటుంది, లేదా పైపులో ఇంకా నీరు నిలిచి ఉంటుంది. అప్పుడు ఆ దారి వదిలేసి, లోపలి గోడ నుంచి కొత్త వాలు రంధ్రంలోంచి కొత్త కేబుల్ తెప్పించండి. విప్పాక మెగ్గర్ అంకెలు, పైపు మూతి దగ్గరి ఫొటో ఇక్కడ పెడితే చూసి చెబుతాను.